ఒక గేయపు చిత్తుప్రతిని దిద్దిన విధము

మా పాఠశాల వార్షిక సంచికకు బాలబాలికలు వ్రాసి యిచ్చు గేయములను చదివి, దిద్ది, అచ్చునకు పంపు పని చాలకాలముగా మాపై నున్నది. ఆ గేయములలో చాలభాగము మా చేతికి వచ్చుటకు ముందే ఇంటివద్ద ఒకమారు దిద్దబడి వచ్చుచుండును. అది సంతోషింపదగినదే. అయితే ఇంటివద్ద జరుగు దిద్దుబాటు వలన గేయము బాగుపడిన సందర్భములు కొన్ని, చెడిన సందర్భములు కొన్ని మాకు తటస్థించినవి. మేము దిద్ది చెడగొట్టినవియు లేకపోలేదు. కావున ఒకే ఒక గేయమును తీసికొని, దాని చిత్తుప్రతి ఎట్లుండెనో, దానిలో ఏమి చూచితిమో, ఏమి మార్చితిమో, తల్లిదండ్రుల యెదుట ఉంచుచున్నాము.

ఈ గేయమును వ్రాసినది తొమ్మిదవ తరగతి బాలిక. ఆమె పూర్వులు తెలంగాణమునుండి షోలాపురమునకు వచ్చి స్థిరపడిన నేతపనివారు. ఇంటిలో గుంటమగ్గము కలదు గాని దానిపై నేత నిలిచిపోయినది. బాలిక తన తాతనుగూర్చి వ్రాసినది. మా చేతికి వచ్చిన ప్రతి యిది:

తాత మగ్గం గుంటలోపల
నీరుల్లిపాయలు పోసి పెట్టిరి
నాడె గూటను నిదురపోయెను
సద్దు లేదిక

తాత మోమది చంద్రబింబము
కనులు రెండును కలువపూవులు
చేతులేమో తామరాకులు
సాటి యెవ్వరు

రాత్రి మంచము మీద తాతకు
కాళ్ళు రెండూ కదలుచుండును
పాత పనియే గుర్తు వచ్చెను
నిదురలోనే

వృత్తి మీదను ప్రేమ గొప్పది
శ్రమయె మనకును నిజధనమ్మని
తాత మనకిది తెలియజెప్పెను
తెలుసుకోండీ

బాలిక ఎన్నుకొన్న నడక ముత్యాల సరము. గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన గేయముతో ప్రసిద్ధమైన ఛందస్సు ఇది. దీనిలో పాదమునకు పదునాలుగు మాత్రలు. అవి మూడు, నాలుగు, మూడు, నాలుగుగా విరుగును. నాలుగవ పాదము పొట్టిగా, ఏడు మాత్రలతోనే ముగియవచ్చును. యతిప్రాసల నిర్బంధము లేదు గనుక పిల్లలకు సులభము. మాత్రలు లెక్కించుట తెలియని పెద్దలుకూడ చేతితో తాళము వేయుచు ‘తకిట తకధిమి తకిట తకధిమి’ అని పాదమును చదివి చూడవచ్చును. మొదటి పాదమును చూడుడు: ‘తాత’ తకిట, ‘మగ్గం’ తకధిమి, ‘గుంట’ తకిట, ‘లోపల’ తకధిమి. చేయి ఎక్కడను తడబడదు.

రెండవ పాదమునకు వచ్చుసరికి చేయి ఆగిపోవును. ‘నీరుల్లి’ అనునప్పుడు ‘నీ’ దీర్ఘము, రెండు మాత్రలు. ‘రు’ హ్రస్వమే యైనను దాని వెనుక ‘ల్లి’ అను ద్విత్వము వచ్చుటచే అదియు రెండు మాత్రలగును. మొదటి విరుపునకు కావలసినవి మూడు. ఇక్కడ రెండును రెండును నాలుగైనవి. అనగా మూడవ మాత్ర ‘రు’ నడుమ పడుచున్నది. అక్షరమును నడిమికి కోయలేము గదా! పాదము మొత్తము లెక్కించినను పదునారు మాత్రలు వచ్చును, రెండు ఎక్కువ.

తక్కిన పాదములన్నియు సరిగా నడచుచుండగా ఇది యొక్కటియే ఎందుకు తప్పినదని మాకు సందేహము కలిగినది. బాలికను పిలిచి, ‘అమ్మా, ఈ పాదము నీవు మొదట ఎట్లు వ్రాసితివి?’ అని అడిగితిమి. ఆమె కొంచెము సేపు తల వంచుకొని, ‘ఉల్లిగడ్డలు అని రాసిన సార్. నాయిన దిద్దిండు’ అని చెప్పినది. ‘ఉల్లిగడ్డలు పోసి పెట్టిరి’ అని తాళము వేసి చూచితిమి. ‘ఉల్లి’ మూడు, ‘గడ్డలు’ నాలుగు, ‘పోసి’ మూడు, ‘పెట్టిరి’ నాలుగు. పాదము గడియారమువలె నడచినది.

చిత్తుప్రతిని దిద్దువారు గుర్తింపదగిన ఆనవాలు ఒకటి ఇచ్చట కలదు. గేయమంతయు సాఫీగా నడచి ఒక్కచోట మాత్రమే కుంటుపడినచో, అచ్చట తరువాత ఎవరో చేయి పెట్టిరని చాలసార్లు అనుకొనవచ్చును. పిల్లలు చెవితో వ్రాయుదురు. వారి తప్పులు గేయమంతటను చెదరి యుండును. పెద్దలు అర్థమును చూచి మాటను మార్చుదురు. అందుచే తప్పు ఆ మాటవద్దనే నిలిచి కనబడును.

లెక్కించువారికి ఒక హెచ్చరిక. నాలుగవ చరణమున ‘మీదను ప్రేమ’ అని యున్నది. ‘ప్రే’ సంయుక్తాక్షరము గనుక దానికి ముందున్న ‘ను’ రెండు మాత్రలని కొందరు లెక్క వేయుదురు. విడివిడిగా నున్న తెలుగు మాటలలో అట్లు కాదు. ఒక మాట చివరి హ్రస్వము పై మాట మొదటనున్న సంయుక్తాక్షరముచే బరువెక్కదు. సంస్కృత సమాసములో నైనచో ఎక్కును. ఈ సంగతి తెలియక సరిగా నున్న పాదములను తప్పులని కొట్టివేయుట మేము కొన్ని యిండ్లలో చూచితిమి.

నడక సరిపోయినంతమాత్రమున గేయము సరిపోదు. రెండవ చరణమును మరల చదువుడు. నాలుగు పాదములును తాళమునకు తూచినట్లున్నవి. కాని అందులో తాత లేడు. చంద్రబింబము, కలువపూవులు, తామరాకులు ప్రబంధములలోని నాయికలకు చెప్పి చెప్పి అరిగిపోయిన పోలికలు. నూలుతో, గంజితో బ్రతికిన వృద్ధుని చేతులు తామరాకులవలె నుండునా? మేము నవ్వుకొంటిమి గాని బాలిక యెదుట నవ్వలేదు. ఆమె వాటిని పాఠ్యపుస్తకములనుండి భక్తితో తెచ్చుకొన్నది.

ఇట్టి పోలికలను పట్టుకొనుటకు మేము ఒక చిన్న పరీక్ష చేయుచుందుము. ఆ చరణములో ‘తాత’ అను మాట తీసి అంతే మాత్రలు గల ‘అక్క’ అను మాటను పెట్టి చదువుదుము. ‘అక్క మోమది చంద్రబింబము’ అన్నను ఏమియు చెడలేదు. అనగా ఆ పోలిక ఈ తాతను గూర్చినది కాదు, ఎవరికైనను తగిలింపదగినది. అదే పరీక్షను మూడవ చరణమునకు పెట్టుడు. ‘రాత్రి మంచము మీద అక్కకు కాళ్ళు రెండూ కదలుచుండును’ అన్నచో అర్థమే లేదు, వైద్యుని పిలువవలసి వచ్చును! ఆ చిత్రము గుంటమగ్గముపై నేసిన తాతకు తప్ప మరి యెవరికిని తగదు. దాని బలమంతయు అచ్చటనే యున్నది.

‘మీ తాత చేతులు నిజముగా ఎట్లుండును?’ అని అడుగగా, చూపుడువ్రేలిమీద కాయ కాచి గట్టిగా ఉండునని బాలిక చెప్పినది. దానినే వ్రాయుమంటిమి. రెండు దినములు ప్రయత్నించినది, కుదరలేదు. కుదరనిదానిని బలవంతముగా ఇరికించుట మాకు ఇష్టము లేదు. కావున రెండవ చరణమును పూర్తిగా తీసివేసితిమి.

మొదటి చరణములోని ‘నాడె గూటను నిదురపోయెను’ అను పాదముకూడ మాకు మొదట బాగుగనే తోచినది. నాడె నిదురించుట అందమైన మాటయే. కాని మూడవ చరణములో తాత నిజముగా నిదురించుచున్నాడు. ఆ నిదురలో కాళ్ళు కదలుటయే గేయమునకు ప్రాణము. ‘నిదుర’ అను మాటను ముందే నాడెకు ఖర్చు పెట్టినచో తాతవద్దకు వచ్చుసరికి దానికి బలము తగ్గును. పైగా నాడె నిదురించుట కన్నులతో చూచినది కాదు, అలవాటుగా వచ్చిన మాట. ‘గూటిలో నాడెమీద నీవు చూచినదేమి?’ అంటిమి. ‘బూజు’ అని వెంటనే చెప్పినది. ‘నాడె గూటను బూజు పట్టెను’. ‘బూజు’ మూడు, ‘పట్టెను’ నాలుగు. నడక చెడలేదు.

ఇక అన్నిటికంటె కష్టమైన భాగమునకు వచ్చితిమి. అది విప్పిచెప్పు పాదముల సంగతి. మూడవ చరణమున ‘కాళ్ళు రెండూ కదలుచుండును’ అను పాదము వెంటనే ‘పాత పనియే గుర్తు వచ్చెను’ అని యున్నది. మగ్గపు గుంటలోని ఉల్లిగడ్డలను, గూటిలోని నాడెను ముందే చూచిన పాఠకుడు తాత కాళ్ళు ఎందుకు కదలుచున్నవో తానే గ్రహించును. ఆ గ్రహించుటలో అతని గుండె ఒక్కక్షణము ఆగును. ఆ క్షణములోనే మనము అడ్డుపడి కారణము చెప్పినచో, పొడుపుకథ వేసి ఎదుటివాడు నోరు తెరవకమునుపే విప్పినట్లగును.

విప్పిచెప్పు పాదమును గుర్తించు విధానము ఇది. అనుమానము కలిగిన పాదముపై వ్రేలు అడ్డము పెట్టి తక్కినది చదువవలెను. అర్థము చెడినచో ఆ పాదము కావలెను. అర్థము చెడక, పైగా కొంత లోతు పెరిగినట్లు తోచినచో ఆ పాదము వ్యాఖ్యానమే గాని గేయము కాదు. ఇట్టి పాదములలో చూడదగినది, వినదగినది, తాకదగినది ఏదియు ఉండదు. ‘పాత పని’, ‘గుర్తు’, ‘ప్రేమ’, ‘శ్రమ’, ‘ధనము’ — ఇవి కంటికి కనబడునవి కావు.

అయితే ఒక జాగ్రత్త వలయును. తీసివేసిన పాదముచోట ఖాళీ మిగులును. దానిని నింపవలసినది కారణముతో కాదు, మరికొంత చూపుతో. ‘కాళ్ళు కదలుట అనగా ఎట్లు? వణకునా, తన్నునా?’ అని బాలికను అడిగితిమి. ఆమె బల్లక్రింద తన పాదములనే కదలించి చూపినది. ఒకటి క్రిందికి దిగినప్పుడు రెండవది పైకి లేచుచున్నది. గుంటమగ్గము తెలిసినవారికి ఇది చాలును. నేతగాడు గుంట అంచున కూర్చుండి లోపల రెండు చెక్కలను కాళ్ళతో మార్చి మార్చి త్రొక్కును. ఒక చెక్క దిగినప్పుడు పడుగులో కొన్ని పోగులు పైకి, కొన్ని క్రిందికి విడి నడుమ దారి యేర్పడును. ఆ దారిలో పేకను తీసికొని నాడె పరుగెత్తును. కావున పాదము ఇట్లు వచ్చినది: ‘ఒకటి కిందికి ఒకటి మీదికి’. ‘ఒకటి’ మూడు, ‘కిందికి’ నాలుగు, ‘ఒకటి’ మూడు, ‘మీదికి’ నాలుగు. ఇచ్చట ఛందస్సుయొక్క తకిట తకధిమి కాలి త్రొక్కుడుతో కలిసిపోయినది. ఇది మేము చెప్పి వ్రాయించినది కాదు. బాలిక పాదములు కదలించుచునే ఆ పాదమును పలికినది.

నాలుగవ చరణము మొత్తము విప్పిచెప్పుటయే. దీనిని కొట్టివేసి ప్రతిని ఇంటికి పంపితిమి. మరునాడు ఉదయము బాలిక తండ్రి మా గదికి వచ్చిరి. మర్యాదగానే మాటలాడిరి గాని నొచ్చుకొన్నారని ముఖమే చెప్పినది. ‘సార్, ఆ చరణము నేను చెప్పి రాయించిన. మా నాయిన నలుబది ఏండ్లు మగ్గముమీద కూసున్నడు. ఆయన మీద రాసిన పాటల ఆయన గొప్ప ఏంటిదో చెప్పకపోతే ఎట్ల? ఉల్లిగడ్డ అని అచ్చుల పడితే ఆంధ్రదేశమోళ్ళు చూసి, వీళ్ళ తెలుగు ఇంతే అని నవ్వరా?’ అనిరి.

ఆ రెండు ప్రశ్నలును తేలికగా కొట్టివేయదగినవి కావు. పరభాషా ప్రాంతమున తెలుగును కాపాడుకొనుచున్న ప్రతి తండ్రి మనస్సులోను ఈ భయము కలదు. మా పిల్లలు వ్రాయు తెలుగు పుస్తకములలోని తెలుగువలె లేనిచో అది తెలుగే కాదందురేమో యని. మేమును పూర్వము ఈ భయముతోనే పిల్లల ఇంటిమాటలను తుడిచి, ప్రతి గేయము చివర ఒక నీతి చరణము స్వయముగా వ్రాసి అతికించితిమి. పాత సంచికలు తీసి చూచినచో ఆ చరణములన్నియు ఒకరే వ్రాసినట్లు కనబడును. ఒకరే వ్రాసిరి గదా!

కావున వారితో వాదింపలేదు. కుర్చీలో కూర్చుండబెట్టి రెండు ప్రతులను వరుసగా బిగ్గరగా చదివితిమి. మొదట ‘నీరుల్లిపాయలు’తో. వారి చేయి బల్లపై తాళము వేయుచు ఆ మాటవద్ద ఆగినది. అది మేము చూపనక్కరలేకపోయినది. ఉల్లిగడ్డ అనునది తెలంగాణములో లక్షలమంది నిత్యము పలుకు మాటయే గాని తప్పు మాట కాదని మాత్రము చెప్పితిమి. పిమ్మట నాలుగవ చరణమును చదివి, ‘ఇందులో మీ నాయనగారు ఎచ్చట కనబడుచున్నారో చెప్పుడు’ అంటిమి. ఆ చరణమును కుమ్మరినిగూర్చిన గేయమునకు, రైతునుగూర్చిన గేయమునకు కూడ తగిలింపవచ్చును. మూడవ చరణమును చదువునప్పుడు వారు కిటికీవైపు తిరిగి కూర్చుండిరి. కొంతసేపటికి, ‘నిజమే సార్, రాత్రి కాళ్ళు అట్లనే ఆడుతయి’ అనిరి. చరణమును తీసివేయుటకు ఒప్పుకొన్నారని మేము గ్రహించితిమి.

తీసివేసిన తరువాత గేయము ‘నిదురలోనే’ అనుచోట ముగియవచ్చును. కాని బాలికకు ఇంకను చెప్పవలసినది ఉన్నట్లు తోచి, ‘కాళ్ళు కదలుట చూచి నీవేమి చేసితివి?’ అని అడిగితిమి. తాతను లేపబోయెనట, నాయనమ్మ వలదనెనట. దానిని ఆమె వ్రాసికొని వచ్చినప్పుడు ‘మెల్లగా నా చేయి లాగెను’ అని యుండెను. నోటితో చెప్పునప్పుడు మాత్రము ‘గట్టిగ గుంజింది సార్’ అన్నది. గేయములో మెల్లదనమే శోభించునని ఆమె యనుకొన్నది. ‘మెల్లగా’, ‘గట్టిగా’ రెండింటికిని మాత్రలు సమానమే. ‘లాగెను’, ‘గుంజెను’ అనువానికిని అంతే. కనుక నడక ఇచ్చట తీర్పు చెప్పదు, జరిగినది ఏదో అదియే చెప్పవలెను. భర్త నిదుర చెడునేమో యని ఆ వృద్ధురాలు మనుమరాలి చేతిని గట్టిగా గుంజినది. ఆ గట్టిదనములో నున్న ఆప్యాయత ‘మెల్లగా’లో లేదు.

చివరి పాదములకు బాలిక ‘ఎన్ని గజముల చీర నేసెనొ తెల్లవారగ’ అని వ్రాసినది. మాకు ఎంతయో నచ్చినది. అచ్చునకు పంపుటకు సిద్ధపడితిమి. అంతలో తండ్రి దానిని ఇంటివద్ద తాతకు చదివి వినిపించిరట. వృద్ధుడు అంతయు విని, ‘నేను చీరలు ఎన్నడు నేసిన? పంచెలే నేసిన. పంచెకు గజాల లెక్క యాడిది, మూరల లెక్క గదా’ అనెనట. బాలిక పరుగున వచ్చి మాకు చెప్పినది. ‘గజముల’ నాలుగు మాత్రలు, ‘మూరల’ నాలుగు. ‘చీర’ మూడు, ‘పంచె’ మూడు. రెండు మాటలు మార్చితిమి.

ఒక్క పాదమువద్ద మాత్రము మాకును బాలికకును అభిప్రాయము కలియలేదు. ‘సద్దు లేదిక’ అనుదానిపై వ్రేలు పెట్టి చదివినను అర్థము చెడదు. నాడెకు బూజు పట్టిన యింటిలో సద్దు లేదని వేరుగా చెప్పనక్కరలేదని మా వాదము. తరువాత కాళ్ళు కదలునది సద్దు లేకుండగనే గనుక ముందు ఆ మాట వినబడవలెనని ఆమె వాదము. ఆమె వాదములో బలము లేకపోలేదు, గేయము ఆమెది. ఉంచితిమి. అచ్చునకు పంపిన ప్రతి యిది:

తాత మగ్గం గుంటలోపల
ఉల్లిగడ్డలు పోసి పెట్టిరి
నాడె గూటను బూజు పట్టెను
సద్దు లేదిక

రాత్రి మంచము మీద తాతకు
కాళ్ళు రెండూ కదలుచుండును
ఒకటి కిందికి ఒకటి మీదికి
నిదురలోనే

లేపబోకని నాయనమ్మే
గట్టిగా నా చేయి గుంజెను
ఎన్ని మూరల పంచె నేసెనొ
తెల్లవారగ